పిల్లల చేతులు తడవకుండా చేతుల శుభ్రత నేర్పే విధానం

ఊళ్లో ప్రాథమిక పాఠశాలకు వెళ్లి చేతులు కడుక్కోవడం గురించీ, సమతులాహారం గురించీ పిల్లలకు చెప్పి రమ్మని పీహెచ్‌సీ నుంచి కబురొచ్చిందా? కంగారు పడకండి. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా అరవై మంది పిల్లలు, రెండు కుళాయిలు, వెనకవైపు వంటగది ఉన్న మామూలు బడే అనుకుందాం. అక్కడ నలభై నిమిషాలు మాట్లాడి, ఎవరి అలవాటునూ చెడగొట్టకుండా క్షేమంగా బయటపడే పద్ధతి చెబుతాను.

మొదట వేళ కుదుర్చుకోండి. భోజనాలయ్యాక రెండు గంటలకు వస్తానని హెడ్మాస్టారుకు ఫోన్ చేయండి. భోజనానికి పావుగంట ముందు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వెళ్లొద్దు. ఆ వేళప్పుడు పిల్లలు ఆకలి మీదుంటారు, పళ్లేలు చేతిలో ఉంటాయి, వంటమ్మ పప్పు గిన్నె దించుతూ ఉంటుంది. మీరు చెప్పింది అక్కడికక్కడే చేసి చూసే ప్రమాదం ఉంది. రెండింటికైతే గిన్నెలు తోమేసి ఉంటాయి, పిల్లలు కునికిపాట్లు పడుతుంటారు, అడ్డు ప్రశ్నలు రావు.

ఉపన్యాసం క్రిములతో మొదలుపెట్టండి. బ్యాక్టీరియా, వైరస్, ప్రోటోజోవా అని బోర్డు మీద రాసి, పక్కన కొమ్ములూ కోరలూ ఉన్న ఒక భూతం బొమ్మ వేయండి. అవి కంటికి కనిపించవని మూడుసార్లు చెప్పండి. రెండో తరగతి కుర్రాడు తన అరచేతులు రెండూ తిప్పి చూసుకుంటాడు. కొమ్ములు లేవు, కోరలు లేవు, మట్టి కూడా లేదు. కడుక్కోవాల్సిన పనేమీ లేదని వాడే తేల్చుకుంటాడు. మీరు కోరుకున్నదీ అదే కదా.

ఇక్కడ చిత్తూరు జిల్లా వాళ్లు చేసిన పొరపాటు మీరు చేయకండి. 2011లో అక్కడి పధ్నాలుగు ఊళ్లు ఎంచుకుని, ఏడింట్లో ‘సూపర్ అమ్మ’ అని ఒక ప్రచారం నడిపారు. క్రిములూ రోగాలూ అంటూ పాఠం చెప్పకుండా, చేతులు కడగనివాణ్ణి చూస్తే ఛీ అనిపించేలా, పిల్లల్ని శుభ్రంగా పెంచే తల్లిని చూస్తే ముచ్చటేసేలా నాటికలు వేశారు. ఆరు నెలలు పోయాక ఇళ్లలో గమనిస్తే, కడుక్కోవాల్సిన వేళల్లో సబ్బుతో కడుక్కోవడం ఆ ఊళ్లలో 37 శాతానికి పెరిగింది. ప్రచారం జరగని ఏడు ఊళ్లలో అది 6 శాతమే. అసహ్యానికి అంత బలం ఉందని తెలిశాక, ముక్కులో వేలు పెట్టుకుని అదే చేత్తో పక్కవాడికి లడ్డూ ఇచ్చే పాత్రను క్లాసులో ఆడించి పిల్లల చేత “యాక్” అనిపించాలని మీకు బుద్ధి పుట్టొచ్చు. అణుచుకోండి. ప్రోటోజోవాలకే కట్టుబడండి.

పిల్లలు మరీ నిద్రపోతుంటే మిరియాల గారడీ చేయండి. వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి, పైన మిరియాల పొడి చల్లి, సబ్బు ముంచిన వేలు మధ్యలో పెడితే పొడి అంతా చుట్టూ అంచులకు పరుగెడుతుంది. “చూశారా, సబ్బును చూసి క్రిములు ఎలా పారిపోతున్నాయో” అనండి. చప్పట్లు ఖాయం. నిజానికి అక్కడ పారిపోయినవేమీ లేవు. సబ్బు తగిలిన చోట నీటి పైపొర బిగువు తగ్గుతుంది, బిగువుగా ఉన్న అంచులవైపు నీరు లాగుతుంది, పొడి దానితోపాటు పోతుంది. చేతి మీద సబ్బు చేసే పని వేరు. జిడ్డునూ మురికినీ చర్మం నుంచి విడదీసి నీటిలో కలిసేలా చేస్తుంది, రుద్దితేనే అది ఊడుతుంది, నీళ్లు పోస్తేనే కొట్టుకుపోతుంది. గారడీ చూసిన పిల్లవాడు మాత్రం సబ్బును ఒక్కసారి ముట్టుకుంటే చాలనుకుంటాడు. రుద్దే శ్రమ వాడికి తప్పించినట్టే.

దీనికి బదులు పసుపు పరీక్ష చేయమని ఎవరైనా అనుభవజ్ఞురాలు చెబితే వినొద్దు. అర చెంచా నూనెలో చిటికెడు పసుపు కలిపి ఇద్దరు పిల్లల చేతులకు పూసి, ఒకరిని వట్టి నీళ్లతో, ఇంకొకరిని సబ్బుతో రుద్ది కడుక్కోమంటారు. వట్టి నీళ్ల చెయ్యి పచ్చగానే ఉంటుంది. సబ్బు చేతిలో కూడా పసుపు ఎక్కడ మిగిలిందో చూడమంటారు. బొటనవేలి చుట్టూ, వేళ్ల సందుల్లో, గోళ్ల అంచుల్లో కనిపిస్తుంది. తాము వదిలేసిన చోటు తమ చేతి మీదే చూశాక పిల్లలు ఇంటికెళ్లి అమ్మకు కూడా చేసి చూపిస్తారు. పైగా యూనిఫాంకు పసుపు మరక అంటిందని మీకు మాట వస్తుంది.

కడిగే క్రమం నేర్పాలి కదా, దానికి ‘సుమన్-కె’ ఉంది. సీధా, ఉల్టా, ముట్ఠీ, అంగూఠా, నాఖూన్, కలాయీ. హిందీ పిల్లలకు గుర్తుండేలా కట్టిన మంచి వరస అది. దాన్ని మన పిల్లలకు హిందీలోనే బట్టీ పట్టించండి. అరచెయ్యి, చేతి వెనక, పిడికిలి, బొటనవేలు, గోళ్లు, మణికట్టు అని తెలుగులో చెబితే వెంటనే అర్థమైపోతుంది. ఆరు భంగిమలూ గాలిలో చేయించండి. అరవై మంది పొడి చేతులు ఒకేసారి తిప్పుతుంటే ఫొటో కూడా బాగా వస్తుంది.

కుళాయి దగ్గర నిలబడి పిల్లలు మామూలుగా ఏం చేస్తారో గమనించడం మాత్రం పెద్ద తప్పు. చూస్తే ఒక సంగతి తెలిసిపోతుంది. అన్నానికి ముందు కుడిచేతి నాలుగు వేళ్లు ధార కింద పెట్టి, విదిలించి, గౌనుకో చొక్కాకో తుడుచుకుంటారు. ఎడమచెయ్యికి నీళ్లే తగలవు. అదే తిన్నాక అయితే గుడ్డు వాసనా సాంబారు జిడ్డూ వదలవు కాబట్టి సబ్బు అడిగి మరీ రుద్దుతారు. అంటే రుద్దడం వాళ్లకు వచ్చు, వేళే తప్పింది. ఇది తెలిస్తే మీ ఉపన్యాసం మొత్తం “తిన్నాక చేసేది తినకముందు కూడా చేయండి, రెండు చేతులతో” అనే ఒక్క మాటకు కుదించుకుపోతుంది. మిగతా ముప్ఫై తొమ్మిది నిమిషాలు ఏం చేస్తారు? అందుకని చేతులు కడుక్కోవాల్సిన పది సందర్భాలున్న చార్టు చదివేయండి.

లెక్కల జోలికీ వెళ్లొద్దు. అరవై మంది, రెండు కుళాయిలు. ఒక్కొక్కరు కుళాయి ముందే నిలబడి నలభై సెకన్లు కడిగితే, ఒక్కో కుళాయికి ముప్ఫై మంది చొప్పున ఇరవై నిమిషాలు పడుతుంది. ఆలోగా అన్నం చల్లారిపోతుంది, మూడో రోజుకే టీచర్లు “ఇవాళ్టికి పర్లేదు, కూర్చోండి” అంటారు. మంచి అలవాటు ఇలా సహజంగా చచ్చిపోవడానికి మీరేమీ చేయనక్కర్లేదు. కానీ ఎవరో ఒక టీచరు, అయిదు సెకన్లు తడుపుకుని సబ్బు తీసుకుని పక్కకు రండి, వరసలో నిలబడి ఇరవై సెకన్లు రుద్దండి, మళ్లీ వచ్చి పది సెకన్లు కడుక్కోండి అని ఏర్పాటు చేసిందనుకోండి. ఒక్కో పిల్లవాడు కుళాయిని వాడేది పదిహేను సెకన్లే. ఏడున్నర నిమిషాల్లో బడంతా పళ్లేల ముందుంటుంది. అలాంటి టీచరు కనబడితే మాటల్లో పెట్టి పక్కకు తీసుకెళ్లండి.

సబ్బు విషయంలో కొత్త బిళ్ల ఒకటి హెడ్మాస్టారుకు బహూకరించండి. ఆయన దాన్ని బీరువాలో భద్రంగా పెడతారు. బయట పెడితే పోతుందని ఆయన భయం, అది నిజమే. పాత మేజోడులోనో వలసంచిలోనో సబ్బు వేసి కుళాయికి కట్టేయవచ్చని గానీ, ఒకటిన్నర లీటరు నీళ్లలో 30 గ్రాముల బట్టల సబ్బు పొడి కలిపి, మూతకు చిల్లి పెట్టిన సీసాలో వేలాడదీయవచ్చని గానీ ఆయనకు చెప్పకండి. సీసాలో సబ్బునీళ్లను ఎవరూ జేబులో వేసుకుపోరు, అదీ మీ చిక్కు.

ఇక సమతులాహారం. దీనికి ఆపిల్, కివీ, చీజ్, బ్రెడ్ బొమ్మలున్న చార్టు తెచ్చుకోండి. మాంసకృత్తులు, పిండిపదార్థాలు, సూక్ష్మపోషకాలు అని చెప్పించండి. పక్కన వంటగదిలో ఉన్నదాన్ని మాత్రం ఎత్తొద్దు. ప్రాథమిక బడిలో ఒక్కో పిల్లవాడికి మధ్యాహ్న భోజనం లెక్క 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు. దీన్ని బోర్డు మీద వేస్తే అరవై మందికి పప్పు కిలో రెండు వందల గ్రాములు తూగాలని ఐదో తరగతి పిల్లలు లెక్కగట్టేస్తారు. తర్వాత గిన్నెలోకి తొంగిచూస్తారు.

తొంగిచూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. సాంబారులో పప్పూ ముక్కలూ అడుగుకు దిగుతాయి. గరిటె పైపైన ముంచి వడ్డిస్తే మొదటి వరసకు పులుపు నీళ్లు, చివరి వరసకు చిక్కటి పప్పు. బియ్యం సమంగా అందినా పప్పు అందదు. ప్రతి వడ్డనకూ అడుగుదాకా కలపమని వంటమ్మతో ఒక్క మాట చెబితే, మీ చార్టులో మాంసకృత్తుల గడి మొత్తం సరిపోతుంది, అదీ రూపాయి ఖర్చు లేకుండా. మునక్కాడ ముక్క నమలకుండా పళ్లెం అంచుకు చేర్చేవాళ్లూ, గుడ్డులో పచ్చసొన తీసి పక్కవాడికి ఇచ్చేసేవాళ్లూ ప్రతి వరసలో ఉంటారు. అలాంటి పిల్లవాడి పక్కన కూర్చుని “సొన ఎందుకు వద్దు?” అని అడిగితే గొంతు పట్టేస్తుందంటాడు. కాస్త చారన్నంలో కలిపి తినమనడానికి చార్టు అక్కర్లేదు. ఆకుకూర పప్పులో నిమ్మరసం పిండినా, బడి దగ్గర దొరికే జామకాయ తిన్నా ఆ పప్పులోని ఇనుము బాగా ఒంటబడుతుందనీ, అన్నం వెంటనే టీ తాగితే అది తగ్గుతుందనీ చెప్పొచ్చు. కానీ జామచెట్టు పక్కనే ఉండగా కివీ బొమ్మకు విలువేం ఉంటుంది?

చివర్లో గేటు బయట బడ్డీ కొట్టును గట్టిగా తిట్టండి. చిప్స్ తింటే చచ్చిపోతారనండి. వినగానే భయపడతారు, సాయంత్రం తిని, మర్నాడు బతికే ఉంటారు. ఆ తర్వాత మీరు చెప్పిన మిగతా మాటలకూ అదే గతి. చిప్స్‌కు పెట్టే అయిదు రూపాయలతో అదే కొట్లో వేరుశెనగ చిక్కీ వస్తుందని చూపించకుండా ఉంటే చాలు.

రిపోర్టులో ‘ఫలితం’ అనే గడి దగ్గర “పిల్లలు శ్రద్ధగా విన్నారు” అని రాయండి, అది అబద్ధమూ కాదు. నెల తర్వాత ఆ బడి మీదుగా వెళ్లినా లోపలికి మాత్రం పోవద్దు. వెళ్తే, బీరువాలో సబ్బు బిళ్ల మీద కంపెనీ పేరు అక్షరాలు అరగకుండా ఉన్నాయో లేదో ఎవరైనా చూపించే ప్రమాదం ఉంది.