తలుపులో తాళం, వరండాలో మావయ్యగారు

రిటైరయ్యాక మా మావయ్యగారికి దేశం మొత్తమ్మీద మిగిలిన ఏకైక సబార్డినేటుని నేనే. కాకినాడలో వాళ్ల పాతింటి టేకు తలుపుకి మార్టిస్ లాక్ పెట్టాలని ఆయనకి బుద్ధి పుట్టింది. వడ్రంగి మేస్త్రి "రేపొస్తానండి" అన్నాడు. ఆ రేపు ఏ పంచాంగంలోదో తేలేలోగా ఉలి నా చేతికొచ్చింది, పడక్కుర్చీ ఆయన కిందికి చేరింది.

"సరిగ్గా ఇక్కడ పెట్టు, అల్లుడూ. చూడ్డానికి బాగుంటుంది" అంటూ మధ్య అడ్డపట్టీ ఎదురుగా వేలు చూపించారు. పలకల తలుపులో పెట్టకూడని చోటు అదే. అడ్డపట్టీ కొస నిలువు పట్టీలోకి దూరి తలుపునంతా బిగపట్టి ఉంచేది అక్కడే. అతుకుని తవ్వేస్తే దొంగని తాళం ఆపుతుంది సరే, తలుపుని ఆపేదెవరు? జానెడు పైకి జరిపి గీత గీశాను. "మా రోజుల్లో అయితే..." అని మొదలెట్టారు గానీ, ఈలోగా కాఫీ వచ్చి నన్ను కాపాడింది.

తలుపు మందం 38 మిల్లీమీటర్లు. తాళం పెట్టె దిగడానికి 16 మిల్లీమీటర్ల గుంట కావాలి. అంటే అటూ ఇటూ మిగిలే చెక్క 11 చొప్పున. డ్రిల్ కాస్త పక్కకి వాలిందా, ఒకవైపు గోడ పల్చబడి పగులుతుంది. అందుకే రెండు వైపులా చెక్కముక్కలు ఆనించి క్లాంపు బిగించాను. 14 మిల్లీమీటర్ల బిట్టుకి, ఎంత లోతు దిగాలో అక్కడ టేపు చుట్టి, మధ్య గీత వెంబడి పైనుంచి కిందికి వరసగా బెజ్జాలు వేశాను. వాటి మధ్య మిగిలిన చెక్కని ఉలి తీస్తుంది.

ఉలికి ఒక వైపు చదును, ఇంకో వైపు వాలు. చదును వైపు గీతకి ఆనాలి, వాలు గుంటవైపు తిరగాలి. తిప్పి పట్టుకుంటే ప్రతి దెబ్బకీ ఆ వాలు గీత అవతలి చెక్కని నలిపేస్తుంది. ముందుగా గుంట పైకొసా కిందికొసా నారకి అడ్డంగా కోసేయాలి. అది మరిచి నిలువు గోడల మీద పడితే, చీలిక నార వెంట మన గీతని లెక్కచేయకుండా పోతుంది. అందుకే పెచ్చు పెచ్చుగా గీకుతున్నాను. "గట్టిగా కొట్టవయ్యా, అది తలుపు, పాపాయి కాదు!" అని కుర్చీలోంచి ఉత్తర్వు.

పెట్టె లోపలికి దిగాకే, దాని ముందు రేకు చుట్టూ పదునైన కత్తితో గీశాను. చాలామంది రేకు పల్లం ముందే చెక్కేస్తారు. తర్వాత పెట్టె రవ్వంత పక్కకి కూర్చుంటుంది, పల్లం అటూ రేకు ఇటూ అయిపోయి చూస్తుంటాయి.

ఇక్కడికి పని అయిపోయిందని అత్తయ్యగారు పాయసానికి పాలు పెట్టారు. నిజానికి అసలు పేచీ ద్వారబంధం దగ్గరే. గడియ వెళ్లే చోటు తలుపు వేస్తే కనపడదు, తీస్తే తెలియదు. మా ఆవిడ లిప్‌స్టిక్ అడిగి తీసుకుని (ఎందుకని అడిగిందే గానీ, జవాబు నమ్మలేదు) గడియ కొసకి రాశాను. తలుపు మూసి తాళంచెవి తిప్పితే, ద్వారబంధం మీద ఎర్రటి ముద్ర పడింది. ఎత్తు తేలింది.

ఇక అడ్డం కొలత. పిడి తిప్పితే లోపలికి పోయే నాలుకకి ఒక వైపు వాలు, ఒక వైపు చదును. తలుపు మూసినప్పుడు ద్వారబంధం మెట్టుకి ఆనే ముఖం నుంచి ఆ చదును వైపు దాకా ఎంత దూరమో, మెట్టు నుంచి స్ట్రైక్ ప్లేటు బెజ్జం బయటి అంచు దాకా అంతే ఉండాలి. ఎక్కువైతే గాలికి తలుపు టకటకలాడుతుంది. తక్కువైతే భుజంతో తోస్తేగానీ నాలుక పడదు.

ప్లేటు బిగించాక తాళంచెవి మొదటి చుట్టు తిరిగింది, రెండో చుట్టు సగంలో ఆగింది. "తాళం నాసిరకం. షాపువాడు మోసం చేశాడు!" అని మావయ్యగారు లేచారు. "ఒక్క నిమిషం, మావయ్యగారూ" అని తలుపు తెరిచి తిప్పాను. రెండు చుట్లూ సాఫీగా తిరిగాయి. అంటే తాళం మంచిదే, ద్వారబంధంలో బెజ్జం లోతు చాలలేదు. ఇంకాస్త తవ్వితే సరిపోయింది. షాపువాడి పరువు దక్కింది, అతనికి తెలియకుండానే.

వానాకాలంలో ఫోనొచ్చింది: "గడియ పట్టేస్తోంది, ప్లేటుని ఆకురాయితో రాసేస్తున్నా." ఆగమని చెప్పి, రాపిడికి మెరిసిన చోటు చూడమన్నాను. బెజ్జం కింది అంచు మెరుస్తోందట. అయితే తలుపు కిందికి జారింది. ప్లేటుని ముట్టుకోనక్కర్లేదు, పై మడతబందు స్క్రూలు బిగిస్తే చాలు.

"సరే, ఆదివారం వచ్చెయ్. స్క్రూడ్రైవరు నా దగ్గరుంది" అన్నారు.