వరస తప్పని షీటు

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ రెండో సెక్టార్‌లో, కింద ఫిల్టర్ కాఫీ కొట్టు ఉన్న మేడ మీద ఆ ఆఫీసు. డబ్బు చెల్లింపుల యాప్ వాళ్లది. వారానికి ఆరు రోజుల పని. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మాత్రం వారమంతా ఎవరో ఒకరు కంప్యూటర్ ముందు ఉండాల్సిందే.

కార్తీక్‌కు ఇరవై ఆరేళ్లు. టీమ్ లీడ్ కాగానే చేసిన మొదటి పని నైట్ డ్యూటీల షీటు. ఏడుగురు మనుషులు, ఏడు రాత్రులు. చేరిన తేదీల ప్రకారం వరస, తలా ఒక రాత్రి, చేసినవాళ్లకు మర్నాడు సెలవు. మార్పిళ్లు కుదరవని అడుగున ఎర్రక్షరాల్లో రాశాడు. అందరికంటే వెనక చేరింది తనే కాబట్టి ఆదివారం రాత్రి తన వంతు. త్యాగం చేశానని కూడా అనుకున్నాడు పాపం.

ఆరోవాడు రమణ. పెళ్లాం, పిల్ల హిందూపురంలో ఉంటారు. అతనికి శనివారం వచ్చింది. మరుసటి వారమూ శనివారమే. ఆ మరుసటి వారమూ అంతే. ఏడు రాత్రులకు ఏడుగుర్ని వరసపెడితే వంతు తిరుగుతుంది గానీ వారం తిరగదు.

పైగా బ్యాంకులు సర్వర్ మరమ్మతులు ఎక్కువగా శనివారం అర్ధరాత్రి దాటాకే పెట్టుకుంటాయి. చెల్లింపులు ఆగిపోతాయి, అలర్ట్‌లు మోగుతూనే ఉంటాయి. తెల్లారితే వచ్చే సెలవు ఆదివారం, అంటే ఎలాగూ ఉన్న సెలవే. కార్తీక్‌కు మాత్రం ఆదివారం రాత్రి చడీచప్పుడూ ఉండదు, సోమవారం ఇంట్లో హాయిగా నిద్ర.

"నెలకోసారి వరసను ఒక గడి కిందికి జరపండి కార్తీక్, చాలు" అని రమణ రెండుసార్లు అడిగాడు.

"అందరికీ వారానికి ఒక్క రాత్రే కదా రమణ గారూ. మీ ఒక్కరి కోసం రూల్ మారిస్తే మిగతావాళ్లకు ఏం చెప్పను?"

మూడోసారి రమణ అడగలేదు. రాజీనామా పంపాడు.

కార్తీక్ కంగారుపడ్డాడు. జీతం పెంచమని పైవాళ్లతో మాట్లాడతానన్నాడు. కావాలంటే శనివారం రాత్రికి విడిగా డబ్బు ఇప్పిస్తానన్నాడు. ఆఖరి రోజు ల్యాప్‌టాప్ అప్పగిస్తున్నప్పుడు కూడా అదే మాట.

"ఇంకా నామీద కోపమేనా?"

"కోపమెందుకండీ? మీ షీటుకున్న లోపం నాతోనే పోతోంది. ఇక మిగిలేది ఆరుగురు. ఏడు రాత్రులకు ఆరుగురంటే, ప్రతివాడి వంతూ వారానికో రోజు ముందుకు జరుగుతుంది. శనివారం ఒక్కడి నెత్తినే కూర్చోదు. మీరు రూల్ మార్చక్కర్లేదు, నా పేరు తీసేస్తే చాలు."

అతను లిఫ్ట్ ఎక్కాక కార్తీక్ షీటు తెరిచి ఆరో పేరు తీసేశాడు. కింది పేరు ఒక గడి పైకి జరిగింది.

వచ్చే శనివారం రాత్రి డ్యూటీ టీమ్ లీడ్‌ది.