పాతబస్తీ మాట చెవికెక్కకుండా ఉండాలంటే

పాతబస్తీలో ఏళ్ల తరబడి వ్యాపారమో ఉద్యోగమో చేస్తూ కూడా, అక్కడివాళ్లు తమలో తాము మాట్లాడుకునే దక్కనీ ఒక్క ముక్క అర్థం కాకుండా నెట్టుకురావడం ఊరికే జరగదు. దానికో పద్ధతి ఉంది. ముందుగా కావలసింది 'నాకు హిందీ వచ్చు' అన్న గట్టి నమ్మకం. బడిలో ద్వితీయ భాషగా చదివిన హిందీ, దానిమీద నాలుగు సినిమాలు, ఈ రెండూ ఉంటే చాలు. ఈ నమ్మకమున్న మనిషి పత్థర్‌గట్టిలో ఇద్దరు దుకాణదారుల మాటలు పట్టుకోలేకపోతే, వాళ్లు మరీ వేగంగా మాట్లాడతారని తేల్చేస్తాడు. లేదా తనకు పదాలు తక్కువయ్యాయనుకుని ఉర్దూ నిఘంటువు కొంటాడు. రెండూ పెద్దమనిషి తరహా నిర్ణయాలే. రెండింటివల్లా చెవికి మాత్రం వీసమెత్తు శ్రమ ఉండదు.

అసలు సంగతి జోలికి వెళ్లకుండా ఉండాలంటే, అదేమిటో తెలిసుండటం మంచిది. అక్కడ వినిపించే మాటల్లో చాలా భాగం ఆ మనిషికి ఇదివరకే తెలిసినవే. ఆ రూపంలో తెలియవు, అంతే. 'కహాఁ'లో హకారం జారిపోయి 'కాఁ' అవుతుంది, 'యహాఁ' 'యాఁ' అవుతుంది. 'జా రహా హూఁ' అన్న మూడు మాటలు కలిసి 'జారూఁ' అన్న ఒక్క మాటగా మిగులుతాయి. 'ముఝే' ఉండవలసిన చోట 'మేరేకు' ఉంటుంది. 'లోగ్' బహువచనం 'లోగాఁ', 'బాత్' బహువచనం 'బాతాఁ'. అరబ్బీ నుంచి వచ్చిన 'ఖాఫ్' అనే అక్షరాన్ని లక్నోవాళ్లు గొంతు లోపలి నుంచి ఒక రకం 'క'గా పలికితే, ఇక్కడ దాన్ని 'ఖ'లా పలుకుతారు. ఈ మార్పులన్నీ ఒక క్రమంలో జరిగేవే, చేతివేళ్ల మీద లెక్కపెట్టదగ్గవే. వేగం వల్ల మాట పట్టుబడటం లేదనుకున్నవాడికి నిజంగా అడ్డం పడుతున్నది ఈ కుదింపు. తెలిసిన మాటను కుదించిన రూపంలో గుర్తుపట్టలేకపోవడం వేరు, మాటే తెలియకపోవడం వేరు. ఈ రెంటినీ ఒకటే అనుకుంటూ ఉన్నంతకాలం మన పథకానికి ఢోకా లేదు.

రెండో మెట్టు, వీడియో వేగాన్ని సగానికి తగ్గించి వినడం. దీన్ని ఎంతగానైనా సిఫారసు చేయవచ్చు. మెల్లగా వింటే జారిపోయిన అక్షరాలు వినిపిస్తాయని అందరూ అనుకుంటారు గదా. కానీ పలకని అక్షరాన్ని ఎంత సాగదీసినా అది పుట్టదు. సగం వేగంలో 'జారూఁ' సాగిన 'జారూఁ'గానే ఉంటుంది గాని 'జా రహా హూఁ'గా మారదు. పైగా ఊనిక, లయ చెదిరిపోతాయి. మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చెవికి చెప్పేవి అవే. ఒక మాట దగ్గర మరీ తికమక పడితే ఒకసారి వేగం తగ్గించి, వెంటనే మామూలు వేగంలో మళ్లీ వినడంలో తప్పు లేదు. మన అవసరం మాత్రం అది కాదు కాబట్టి, ఎప్పుడూ సగం వేగంలోనే వినాలి.

ఇక అన్నిటికంటే నమ్మదగిన సాధనం సబ్‌టైటిళ్లు. అయితే ఏవి పడితే అవి పనికిరావు. వినేది దక్కనీ అయితే, చదివేది తెలుగో ఇంగ్లీషో కావాలి. దీనికి చక్కని ఆధారం కూడా ఉంది. 2009లో హోల్గర్ మిటెరర్, జేమ్స్ మెక్వీన్ అనే పరిశోధకులు ఇంగ్లీషు బాగా వచ్చిన డచ్చివాళ్లకు అలవాటులేని ఇంగ్లీషు యాసలు వినిపించారు. కొందరికి ఆస్ట్రేలియా హాస్య ధారావాహిక, కొందరికి స్కాట్లండ్ యాసలో సాగే 'ట్రెయిన్‌స్పాటింగ్' సినిమా చూపించారు. కొందరికి ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు, కొందరికి డచ్చి, కొందరికి అసలేమీ లేవు. తర్వాత ఆ యాసలోని మాటలు వినిపించి తిరిగి చెప్పమన్నారు. ఇంగ్లీషు అక్షరాలు చదువుతూ విన్నవాళ్లు అంతకుముందు వినని కొత్త వాక్యాలను కూడా మెరుగ్గా పట్టుకున్నారు. డచ్చి చదివినవాళ్లు ఆ వీడియోలో విన్న వాక్యాల వరకు బాగానే చెప్పారు గాని, కొత్త వాక్యాల దగ్గర సబ్‌టైటిళ్లు లేనివాళ్లకంటే కూడా వెనకబడ్డారు. కారణం ఊహించలేనిదేమీ కాదు. తెర మీద కనబడే మాట, చెవిన పడే మాట ఒకటే అయినప్పుడు, ఈ వింత శబ్దం ఆ తెలిసిన మాటేనని చెవి సర్దుకుంటుంది. తెర మీద సొంత భాష ఉంటే కథ కంటితోనే తెలిసిపోతుంది; చెవి సర్దుకోవడానికి అక్కడ ఆధారమేమీ దొరకదు. మనకు కావలసిందీ అదే.

ఇక్కడ ఒక అభ్యంతరం వినిపిస్తుంది. ఆ డచ్చివాళ్లకు ఇంగ్లీషు ముందే వచ్చు, ఏమీ రానివాడికి సొంత భాష సబ్‌టైటిళ్లు లేకపోతే ఎలా అని. న్యాయమైన ప్రశ్నే. ఆ ప్రయోగం భాష తెలిసి యాస తెలియనివాళ్ల గురించే చెబుతుంది. అక్షరమ్ముక్క రానివాడి గురించి చెప్పదు. కానీ బడి హిందీ వచ్చి పాతబస్తీలో తికమకపడే తెలుగువాడు సరిగ్గా మొదటి కోవకే చెందుతాడు. ఇక తెలుగు సబ్‌టైటిల్‌కు ఒక మేలైన వాడకం ఉంది, పొరపాటున కూడా చేయకండి: సన్నివేశాన్ని ఒకసారి దానితో చూసి సంగతి తెలుసుకుని, ఆపైన దాన్ని కట్టేసి వినడం. జరుగుతున్నదేమిటో ముందే తెలిసినవాడి చెవికి, అది ఎలా చెప్పారో గమనించే తీరిక దొరుకుతుంది.

వినడానికి ఏది ఎంచుకోవాలన్నది తర్వాతి మాట. అర్థమయ్యే మాటలు, అందులో మన స్థాయిని ఒక్క మెట్టు మాత్రం మించినవి వింటూ పోతే భాష దానంతటదే వస్తుందని స్టీఫెన్ క్రాషెన్ 1980ల నుంచి చెబుతూ వచ్చాడు. దానంతటదే వస్తుందా, రాయడం మాట్లాడటం కూడా కావాలా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. కానీ అర్థం కానిదాన్ని గంటలకొద్దీ వింటే లాభమన్నవాళ్లు మాత్రం ఏ పక్షానా పెద్దగా లేరు. ఎంత తెలిస్తే అర్థమైనట్టు? విన్న మాటల్లో నూటికి 95 తెలిసినవైతే మామూలు కబుర్లు చాలామందికి బాగా అర్థమవుతాయని 2013లో హిల్డె వాన్ జేలండ్, నోర్బర్ట్ ష్మిట్ చూపించారు. కాబట్టి మన పథకం ప్రకారం నలుగురైదుగురు ఒకేసారి అరుచుకునే హాస్య సన్నివేశంతోనే మొదలుపెట్టాలి. 2005లో కుంట నిఖిల్ తీసిన 'ది అంగ్రేజ్'లో చార్మినార్ దగ్గరి మిత్రబృందం మాటలు ఇందుకు దివ్యంగా పనికొస్తాయి. అదే సినిమాలో ఇద్దరే మాట్లాడుకునే నెమ్మది సన్నివేశాలు, ఏం జరుగుతోందో కళ్లకు కనబడే చోట్లు ఉంటాయి; వాటిని దాటేయండి.

ఇంత చెప్పాక, ఖచ్చితంగా మానుకోవలసిన పని ఒకటి వివరంగా చెప్పకపోతే బాగుండదు. అదేమిటంటే ఇరవై సెకన్ల మాటలు తీసుకుని, విన్నది విన్నట్టు తెలుగు లిపిలో రాయడం. ఇలాంటి మాటలే అనుకోండి: "కాఁ జారే మియాఁ?" "ఘర్‌కు జారూఁ. అమ్మీ బులారే బోల్కే భాయ్ ఫోన్ కరా." "చాయ్ పీకో జావ్." "నక్కో, అభీచ్ పియా." ఇందులో ఉన్నవి 17 మాటలు. బడి హిందీ మనిషి మొదటిసారి విని 'మియాఁ', 'ఘర్', 'అమ్మీ', 'భాయ్ ఫోన్', 'చాయ్', 'పియా' రాసి, మిగతాచోట్ల ఖాళీలు వదులుతాడు. రెండుమూడుసార్లు విన్నాక కూడా మిగిలిన ఖాళీలను దక్కనీ వచ్చినవాళ్లచేత నింపించుకోవాలి. యూట్యూబ్ తనంతట తాను వేసే హిందీ అక్షరాల మీద ఆధారపడకూడదు, అవి నోరు పలికినదాన్ని వదిలి ప్రామాణిక హిందీ వైపు జరిగే ప్రమాదముంది. నింపాక ప్రతి ఖాళీని ఒక్కటే అడగాలి: చూడగానే 'ఓహో, ఇదా' అనిపించిందా, లేక చూసినా తెలియలేదా? 'కాఁ' చూడగానే 'కహాఁ' అని తెలిస్తే అది చెవి ఖాళీ. 'నక్కో' చూసినా తెలియకపోతే అది పదం ఖాళీ, దానికి వినడం మందు కాదు, అడిగి తెలుసుకోవడమే. ఈ 17 మాటల్లో పదం ఖాళీ అయ్యేది మహా అయితే ఆ ఒక్కటే.

'పీకో' దగ్గర మాత్రం జాగ్రత్త. దాన్ని హిందీ 'కో' విభక్తి అనుకున్నవాడు అక్కడే ఆగిపోతాడు, ఈలోగా మిగతా వాక్యం దాటిపోతుంది. అది 'పీకర్', మన 'తాగి'. 'బోల్కే' మన 'అని'. ఆ పొడుగు వాక్యాన్ని హిందీలోకి తిప్పితే 'భాయ్ నే ఫోన్ కియా కి' అంటూ క్రమమంతా తలకిందులవుతుంది. తెలుగులో 'అమ్మ పిలుస్తోందని అన్న ఫోన్ చేశాడు' అని వరసగా కూర్చుంటుంది. శతాబ్దాలుగా తెలుగు, కన్నడ, మరాఠీల మధ్య బతికిన భాష అది, వాక్యం మన పద్ధతిలో నడవడంలో వింత లేదు. అందుకే ప్రతి వాక్యాన్నీ ముందు హిందీలోకి, తర్వాత తెలుగులోకి మార్చుకోవాలని గట్టిగా సలహా. రెండు మలుపులు తిరిగేలోపు అవతలివాడు మూడో మాటలో ఉంటాడు. ఇదంతా చెడిపోయిన హిందీయే కదా, నేర్చుకోవడమెందుకు అనేవాళ్లు ఈ సలహాను మరింత శ్రద్ధగా పాటిస్తారు. 1591లో చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా చాలా కవిత్వం రాసింది దక్కనీలోనే అన్న సంగతి వాళ్లకు చెప్పనక్కర్లేదు.

అదే ముక్కను ఆ రాత చూస్తూ ఒకసారి, కాగితం తిప్పేసి ఒకసారి మామూలు వేగంలో వింటే పని అయిపోతుంది. అయిందో లేదో తెలియాలంటే మర్నాడు వేరే మనిషి మాట్లాడిన వేరే ముక్క వినాలి. పాతదాన్నే మళ్లీ వింటే, జ్ఞాపకం చెవిలా నటిస్తుంది. కొత్త ముక్కలో 'జారూఁ' లాంటి 'ఆరూఁ', 'కర్రూఁ' వాటంతటవే పట్టుబడితే మన పథకం దెబ్బతిన్నట్టే. పట్టుబడ్డాక కూడా ఒక రక్షణ మిగిలే ఉంది: 'పర్సోఁ' స్పష్టంగా వినిపిస్తుంది, మొన్న అనుకుంటాం, చెప్పినాయన దృష్టిలో అది ఎప్పుడో నిరుడు కావచ్చు. దీన్ని సబ్‌టైటిల్ కూడా పట్టివ్వదు.

చివరి అభ్యంతరం, ఇంత తతంగం ఎందుకు, పిల్లలు విని విని నేర్చుకోవడం లేదా అన్నది. అందుకే పనిచేసుకుంటూ పక్కన ఏదో ఒక దక్కనీ వీడియో మోగనివ్వమంటారు. మన పథకానికి ఇంతకంటే క్షేమకరమైనది లేదు. పిల్లవాడితో మాట్లాడేవాళ్లు వాడి చేతిలోని గిన్నె గురించి, ఎదురుగా ఉన్న పిల్లి గురించి మాట్లాడతారు. పక్కన మోగే వీడియోకి వంటగదిలో ఏం జరుగుతోందో తెలియదు. పోనీ దుకాణానికే వెళ్లి విందామంటే, లాడ్‌బజార్ గాజుల దుకాణంలో తెలుగు ముఖం కనబడగానే తెలుగులో పలకరిస్తారు. అక్కడ సహజమైన వేగం వినిపించేది, దుకాణదారు లోపలి కుర్రాడితో మాట్లాడేటప్పుడే. దాన్ని వెనక్కి తిప్పి వినే మీట లేదు కాబట్టి అది పాఠానికి కాదు, పరీక్షకు పనికొస్తుంది. ఆ దుకాణదారు తెలుగు మాత్రం చాలామంది తెలుగువాళ్ల దక్కనీకంటే మెరుగు. గాజు చేతిలో, ధర వేళ్ల మీద, బేరం ఎదురుగా, రోజుకు పాతికమంది కొత్త గొంతులతో నేర్చుకున్నది అది. ఏ సబ్‌టైటిళ్లూ ఆయన ముందు ఎవరూ వేయలేదు.