బోర్లించిన దొన్నె

పల్నాడు మిర్చి రైతు వ్యవసాయ సలహాదారుకు పంపే వాయిస్ మెసేజ్‌ ఆరు నిమిషాలుంటే, అందులో పంట సంగతి నలభై సెకన్లకు మించదు. మిగిలినదంతా గేదె, అల్లుడు, మిర్చి ధర, పక్క చేనువాడి పిసినారితనం. సలహాదారుకు కావలసినవి రెండే: మొక్క మీద ఏం కనిపిస్తోంది, ఎప్పటినుంచి కనిపిస్తోంది. అందుకని మధ్యలో కూర్చుని సారాంశం రాసే మనిషి ముందుగా గేదెను తోలేస్తాడు, తర్వాత అల్లుణ్ని సాగనంపుతాడు. చివరికి మిగిలేది ఇది: "మిరపలో ముడత. వైరస్. మందు కొట్టినా తగ్గలేదు." చూడ్డానికి చక్కగా ఉంది. సలహాదారుకు పనికొచ్చే ముక్క మాత్రం ఇందులో ఒక్కటీ లేదు. రైతు సూటిగా చెప్పిన మాటను కాస్త అనుమానించాలనీ, పక్కదారి పట్టిన మాటను జాగ్రత్తగా దాచుకోవాలనీ నా వాదన.

ఆ మెసేజ్‌నే మళ్లీ విందాం. "వినాయక చవితి మర్నాడు నాటేశాం సార్. నాగుల చవితికి పుట్టలో పాలు పోసొస్తూ చూస్తే ఆకులన్నీ దొన్నె బోర్లించినట్టయినయ్. కాడలు ఎలక తోకల్లా సాగినయ్. పురుగు చూద్దామంటే కనపడదు. మందు కొట్టినా గానీ తగ్గలా. వైరస్సే సార్. పక్క చేనువాడు చూడండి, అదే నారు, అదే రోజు నాట్లు, మందుకు రూపాయి తియ్యడు, వాడి తోట నిగనిగలాడతంది. దేవుడున్నాడంటారా? అట్లతద్దినాడు మా అమ్మాయి వాయనాలిస్తంటే నేను లద్దెపురుగుకి సైపర్‌మెత్రిన్ కొడతన్నా..."

ఇందులో 'వైరస్' రైతు తీర్పు, 'బోర్లించిన దొన్నె' ఆయన సాక్ష్యం. సారాంశంలోకి తీర్పు ఎక్కి సాక్ష్యం దిగిపోతే కొంప మునుగుతుంది. ఆకు అంచులు పైకి లేచి ముడుచుకుంటే పైముడత, అది తామరపురుగు పని. కిందికి ముడుచుకుంటే కిందిముడత, అది నల్లి పని. తెల్లదోమ మోసుకొచ్చే జెమిని వైరస్‌లో ఆకులు చిన్నవై, పసుపు తిరిగి, గిడసబారతాయి. 'ముడత' అని ఊరుకుంటే మూడూ ఒకటే. బోర్లించిన దొన్నె, ఎలక తోకలాంటి కాడ అంటే మాత్రం వేళ్లు నల్లి వైపే చూపిస్తాయి. పురుగు కనపడలేదనడం కూడా దానికి సరిపోతుంది, ఎందుకంటే మిరప నల్లి భూతద్దం లేకుండా కంటికి ఆనదు. ఇంత మంచి ఉపమానాన్ని తీసేసి 'ఆకులలో వైకల్యం' అని రాసే పండితుడికి ఒక దొన్నెడు పులిహోర పెట్టి పంపించెయ్యాలి.

ఇక కాలం. రైతు తేదీలు చెప్పలేదని విసుక్కోనక్కర్లేదు, పండగలన్నీ చెప్పాడు. వినాయక చవితి నుంచి నాగుల చవితికి రెండు చాంద్రమాన మాసాలు, అంటే నాట్లకీ ముడతకీ మధ్య సుమారు 58 రోజులు. అట్లతద్ది నాగుల చవితికి దాదాపు 16 రోజుల ముందు. ఇప్పుడు అసలు తిరకాసు చూడండి. రైతు చెప్పిన వరుసలో ముడత ముందొచ్చింది, మందు తర్వాతొచ్చింది. జరిగిన వరుసలో మందే ముందు! పైగా అది ముడతకు కొట్టింది కాదు, లద్దెపురుగుకు. సైపర్‌మెత్రిన్ లాంటి సింథటిక్ పైరిథ్రాయిడ్లు నల్లిని పెద్దగా చంపవు కానీ, నల్లిని తినే మిత్రపురుగుల్ని ఊడ్చేస్తాయి. ఆ తర్వాత నల్లి విజృంభించడం తెలిసిన సంగతే. మందు కొట్టని పిసినారి తోట నిగనిగలాడటం ఈ లెక్కకు బాగా కుదురుతుంది. దేవుడి మీద వేసిన నింద వెనక్కి తీసుకోవచ్చు.

సలహాదారుకు ఇంత పురాణం చదివే తీరిక ఉండదంటారు. నిజమే, అందుకే పురాణం ఆయనకు పంపకూడదు, లెక్క పంపాలి: "మిరప, నాటి సుమారు 58 రోజులప్పుడు కిందిముడత కనిపించింది, కాడలు సాగాయి, కంటికి పురుగు కనపడలేదు. దానికి సుమారు 16 రోజుల ముందు లద్దెపురుగుకు సైపర్‌మెత్రిన్. అదే నారు, అదే రోజు నాటి, మందు కొట్టని పక్క చేను బాగుంది. రైతు అనుమానం: వైరస్." ఫొటో ఒకటి తెప్పిస్తే చాలదా అని మరొకరంటారు. ముడత పైకో కిందికో ఫొటో చెబుతుంది, తప్పక తెప్పించాలి. అట్లతద్ది మాత్రం ఫొటోలో పడదు. రైతు జ్ఞాపకం తప్పితే ఎలా అన్నది వీటిలో గట్టి ప్రశ్న. తేదీ మరిచిపోయేవాడు కూడా పండగ మరిచిపోడు గానీ, 'సుమారు' అన్న మాట అందుకే ఉంది. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయినా మందు ముందా ముడత ముందా అన్నది తారుమారు కాదు.

నల్లి అని సారాంశంలో రాయకపోవడం కూడా పనిలో భాగమే. ఆ మాట సలహాదారు అనాలి. ముడత చేనంతా ఉందా, ఒక మూలేనా? నాగుల చవితి తర్వాత ఇంకేమైనా కొట్టారా? ఈ రెండూ రైతునే అడగాలి. జవాబు ఇంకో ఆరు నిమిషాలు వస్తుంది. గేదె ఈనిందని మొదలుపెడితే ఫోన్ కట్టెయ్యకుండా, ఏ రోజు ఈనిందో రాసుకోవాలి. రెండో మందు బహుశా దాని మర్నాడే కొట్టి ఉంటాడు.