వచ్చే సోమవారం ఎప్పుడొస్తుంది?

బందరులో ఓ ఆఫీసుకు గుడివాడ నుంచి మెయిల్ పెట్టాను. నిమిషంలో జవాబు: ‘నేను సెలవులో ఉన్నందువలన కారణంగా వచ్చే సోమవారం వరకు అందుబాటులో ఉండబడను. అత్యవసరమైతే అవనిగడ్డ ఆఫీసును సంప్రదించగలరు.’

‘అందువలన’లోనే కారణం ఉంది, రెండోది దండగ. ‘ఉండు’కు కర్మే లేదు, దానికి ‘బడు’ తగిలించడం పాపం. ‘సంప్రదించగలరు’ అంటే మనకు ఆ శక్తి ఉందని సర్టిఫికెట్! ‘సంప్రదించండి’ చాలు. దివిసీమ దాకా వెళ్లే శక్తి సంగతి మన మోకాళ్లకే తెలుసు.

అసలు చిక్కు తేదీతో. శనివారం చదివితే ఒక సోమవారం, మంగళవారం చదివితే ఇంకొకటి. పైగా ‘వరకు’ అంటే ఆ సోమవారం కుర్చీలో మనిషుంటాడా, కండువా ఉంటుందా?

మూడో వారం బస్సెక్కి వెళ్తే అయ్యగారు ఫ్యాను కిందే ఉన్నారు. సెట్టింగుల్లో మొదటి రోజు నింపి, చివరి రోజు గడి వదిలేశారట. ఆయన వచ్చినా జవాబు సెలవులోనే ఉంది.

కాగితం మీద రాసిచ్చాను: ‘జూన్ 14 దాకా సెలవు. 15, సోమవారం ఆఫీసులో ఉంటాను.’

ఆయన రెండుసార్లు చదివి మెచ్చుకున్నారు. ‘‘భేషుగ్గా ఉందండీ. వచ్చే సోమవారం మార్చేస్తాను.’’