గేమింగ్ క్లబ్ అడిగి లేదనిపించుకోవడం ఎలా?

ప్రిన్సిపాల్‌గారి గదిలో అయిదు నిమిషాలు మాట్లాడి, "చూద్దాం లే" అనే మాటతో బయటపడటం తేలికగా కనిపిస్తుంది గానీ, దానికీ కొంత సాధన కావాలి. ఈమధ్య కొందరు విద్యార్థులు అజాగ్రత్తగా మాట్లాడి అనుమతులు తెచ్చేసుకుంటున్నారు. అనుమతి వచ్చిందంటే గది తాళం ఎవరి దగ్గరుండాలో తేల్చుకోవాలి, హాజరు పుస్తకం పెట్టాలి, ఏడాది చివర నివేదిక రాయాలి. అంత బాధ పడలేనివాళ్ల కోసమే ఈ సూచనలు.

ప్రసంగాన్ని ఈ-స్పోర్ట్స్ మార్కెట్ విలువతో మొదలుపెట్టండి. వేల కోట్లో లక్షల కోట్లో, అంకె ఏదైనా ఫర్వాలేదు. వెంటనే లాప్‌టాప్ ఆయనవైపు తిప్పి ఒక తుపాకుల ఆట ట్రైలర్ వేయండి. సౌండ్ పూర్తిగా పెంచడం మరవద్దు. పక్కగదిలో సూపరింటెండెంటు ఉలిక్కిపడి లేచి నిలబడ్డారంటే సగం పని అయిపోయినట్టే.

ఆయన మనసులో ఉన్న అసలు భయం జోలికి మాత్రం పోవద్దు. మన రెండు రాష్ట్రాల్లో గేమింగ్ అనగానే ప్రిన్సిపాల్‌కు గుర్తొచ్చేది చదరంగం కాదు. ఫోన్లో రమ్మీ ఆడి ఫీజు డబ్బులు పోగొట్టుకున్న కుర్రాడు, మర్నాడు ఆఫీసు ముందు నిలబడ్డ వాడి తండ్రి. పందెం కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధం తెచ్చాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికీ చట్టం చేసింది. ఆట నైపుణ్యంతో ఆడేదైనా, అదృష్టం మీద నడిచేదైనా, ఆన్‌లైన్లో డబ్బు పెట్టి డబ్బు గెలుచుకోవడం కుదరదంది. ఈ-స్పోర్ట్స్‌నీ, డబ్బు ప్రసక్తి లేని సరదా ఆటల్నీ వేరుగా చూసింది. ఈ సంగతి మొదటి నిమిషంలోనే చెప్పేసి, "మా క్లబ్బులో ప్రవేశ రుసుం లేదు, నగదు బహుమతి లేదు" అన్నారనుకోండి, ఆయన కుర్చీలో వెనక్కి వాలి వినడం మొదలుపెడతారు. ఇక కాదనిపించుకోవడం కష్టం. కాబట్టి, "తలా యాభై వేసుకుంటాం సర్, గెలిచిన టీమ్ మొత్తం తీసుకుంటుంది" అనండి. అక్కడితో తేలిపోతుంది.

ఒకవేళ తేలలేదనుకుందాం. అప్పుడు ఆటల జాబితా తీయండి. జాబితా తయారీకి పద్ధతి ఒకటే: మీ హాస్టల్ గదిలో రాత్రిళ్లు ఏం ఆడుతున్నారో అదే రాయడం. వాలరాంట్ పైన పెట్టండి. అయిదుగురు ఒకవైపు, అయిదుగురు ఇంకోవైపు, కాబట్టి పది కంప్యూటర్లు కావాలి. కాలేజీ ల్యాబ్‌లో ఉన్నవి సి ప్రోగ్రాములు రాయడానికి కొన్నవన్న సంగతి మీకెందుకు? పైగా ఆ ఆటతోపాటు వచ్చే వాన్‌గార్డ్ అనే మోసాల నిరోధక సాఫ్ట్‌వేర్, కంప్యూటర్ ఆన్ కాగానే సిస్టమ్ లోతుల్లోకి వెళ్లి కూర్చుంటుంది. దాన్ని ఎక్కించాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వాలి. ల్యాబ్ ఇన్‌ఛార్జి దాన్ని సొంత పిల్లలకైనా చెప్పని మనిషి. ఆయన్ని కూడా ఆ సమావేశానికి పిలిపించగలిగితే మీకిక మాట్లాడే పనే ఉండదు.

ఇంత చేసినా ప్రిన్సిపాల్ మెత్తబడి, "మరి మిగతా పిల్లల సంగతేంటయ్యా?" అని అడిగితే కంగారు పడకండి. "ఇది అందరి క్లబ్ సర్" అని జాబితా పైన పెద్దక్షరాలతో రాసుకున్న మాట చదవండి. జాబితాలో ఒక్క ఆట కూడా మార్చక్కర్లేదు. "అమ్మాయిలు కూడా రావచ్చు సర్, స్కోరు రాస్తారు" అని చేర్చండి. చూపు లేని విద్యార్థి ఉంటే ప్రారంభోత్సవంలో జ్యోతి వెలిగిస్తాడని చెప్పండి. వీల్‌చెయిర్లో వచ్చేవాళ్ల గురించి అడిగితే గది రెండో అంతస్తులో ఉందనీ, లిఫ్ట్ రిపేరులో ఉందనీ విచారంగా తల ఊపండి. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు దివ్యాంగులకు కేటాయించాలని 2016 నాటి చట్టం చెబుతోంది. వాళ్లు మీ కాలేజీలోనూ ఉండే ఉంటారు. కానీ మీకు కనబడి ఉండరు, రెండో అంతస్తు కదా.

క్లబ్ వేళలు సాయంత్రం అయిదు నుంచి ఏడు అని పెట్టండి. కాలేజీ బస్సులు నాలుగున్నరకే కదులుతాయి. లేడీస్ హాస్టల్ గేటు చీకటి పడకముందే మూస్తారు. ఈ ఒక్క వాక్యంతో సగం కాలేజీని ఎవరినీ నొప్పించకుండా బయట పెట్టేయవచ్చు. ఎవరైనా అడిగితే, "మేం రావద్దనలేదే!" అనొచ్చు.

నియమాలు పాటించకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఒక ఊహ. ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి ప్రిన్సిపాల్ ముందు నిలబడింది అనుకుందాం. లాప్‌టాప్ తేలేదు. చంకలో ఒక చెక్క పలక మాత్రం ఉంది. ఆమె ప్రసంగం ఇలా సాగింది. ఇందులో ప్రతి వాక్యమూ మీరు చేయకూడని పనే.

"సర్, మా క్లబ్ వేళ మధ్యాహ్న భోజన విరామం. తినగా మిగిలేది ఇరవై నిమిషాలు. అందుకని ఇరవై నిమిషాల్లో ముగిసే ఆటలే తీసుకున్నాం. చదరంగం ఒక్కొక్కరికి పది నిమిషాల గడియారంతో ఆడతాం. క్యారమ్స్ ఒక్క బోర్డు ఆడి లేస్తాం. రంగుల పేకలు ఒక ఆట. పులి-మేక ఒకటి. గది గ్రౌండ్ ఫ్లోర్లో, మెకానికల్ బ్లాకు పక్కనున్న పాత స్టోర్ రూమ్ చాలు."

"రంగుల పేకల్లో ఒక చిక్కుంది సర్. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లు మగపిల్లల్లోనే ఎక్కువ ఉంటారు. కారణం ఎక్స్ క్రోమోజోమ్ అని ఇంటర్లో చదివాం. మా క్లాసులోనే ఒకబ్బాయి ప్రతిసారీ తప్పు కార్డు వేస్తే తొండి అనుకుని నవ్వేవాళ్లం. అందుకని ప్రతి కార్డుకు రెండు మూలల్లో మార్కర్‌తో ఎరుపుకి 'ఎ', ఆకుపచ్చకి 'ఆ', పసుపుకి 'ప', నీలానికి 'నీ' అని రాశాం. చేతిలో విసనకర్రలా పట్టుకున్నప్పుడు మూలే కనిపిస్తుంది కాబట్టి మధ్యలో రాస్తే లాభం లేదు. ప్రతి ఆటనూ ఇలా పరీక్షించాం సర్: ఫోన్లో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్ చేస్తాం. కాయలు ఒకదానికొకటి తేడా తెలియకపోతే ఆ ఆట అలాగే పనికిరాదు. లూడో ఫెయిలైంది. క్యారమ్స్‌లో తెలుపు, నలుపు పాసయ్యాయి గానీ ఎర్ర రాణి నల్లకాయలా కనబడింది. దానికో తెల్ల చుక్క పెట్టాం."

ఇక్కడ ప్రిన్సిపాల్ కళ్లజోడు తీశారు. తెలివైన విద్యార్థి అయితే ఆ క్షణంలో మార్కెట్ విలువ అందుకుని గండం గట్టెక్కేవాడు. ఆమె పలకను బల్ల మీద పెట్టింది.

"ఇది పులి-మేక సర్. ఫస్టియర్ వర్క్‌షాపులో కార్పెంటరీ చేస్తాం కదా, అక్కడే చేశాం. ఇరవైమూడు కూడళ్లు, మూడు పులులు, పదిహేను మేకలు. మేకలవాళ్లు ఒక్కో మేకనూ పెడుతూ పోవాలి. పులి పక్కనున్న మేక మీదుగా దూకి ఖాళీ కూడలిలో పడితే మేకను తిన్నట్టు. పులులు కదలకుండా చుట్టుముడితే మేకలు గెలిచినట్టు. సివిల్ బ్రాంచిలో చూపు లేని మా స్నేహితుడికి దీన్ని చూపించాం. మొదట సుద్దతో గీసిన పటం తెచ్చాం. అతను తడమగానే గీత చెరిగిపోయింది, కాయలు జరిగిపోయాయి. అప్పుడు గీతల మీద పురికొస అంటించాం. కూడళ్ల దగ్గర డ్రిల్లుతో చిన్న గుంటలు తొలిచాం. ఇప్పుడు తడిమినా కాయ కదలదు. మేకలకు చింతగింజలు, పులులకు గులకరాళ్లు. గింజ నున్నగా పలచగా ఉంటుంది, రాయి బరువుగా గుండ్రంగా ఉంటుంది కాబట్టి వేలు పెట్టగానే తెలిసిపోతుంది. చూపున్నవాళ్లూ ఇదే పలక మీద ఆడతారు సర్, వేరే పలక లేదు."

చదరంగం సంగతి కూడా తొందరగా చెప్పేసింది. చూపు లేనివాళ్ల బోర్డులో నల్లగళ్లు కాస్త ఎత్తుగా ఉంటాయి, ప్రతి గడికీ రంధ్రం ఉంటుంది, నల్లపావుల తల మీద చిన్న సూది మొన ఉంటుంది. ఇద్దరూ చెరో బోర్డు పెట్టుకుని ఎత్తులు పైకి చెప్పుకుంటారు. అందువల్ల చదరంగం గది నిశ్శబ్దంగా ఉండదనీ, లైబ్రరీ పక్కన గది ఇస్తే గొడవలవుతాయనీ ముందే హెచ్చరించింది. తన ప్రతిపాదనలోని ఇబ్బందిని తానే చెప్పుకోవడం! అడిగేవాడి చేతిలోని ప్రశ్నను లాగేసుకోవడం కన్నా పెద్ద తప్పు ఈ కళలో లేదు.

"ఫోన్ ఆటలు లేవామ్మా?" అని ప్రిన్సిపాల్‌గారే అడిగారు.

"లేవు సర్. మంచి ఫోను అందరి దగ్గరా లేదు. ఒక సెమిస్టరు ఇవి నడిచాక మళ్లీ వచ్చి అడుగుతాం. తుపాకుల ఆటలు కావాలనేవాళ్లూ ఉన్నారు, వాళ్లు కాస్త కోపంగా ఉన్నారు."

"వీల్‌చెయిర్?"

"క్యారమ్ బోర్డు స్టాండు కింద అడ్డకర్రలు మోకాళ్లకు తగులుతున్నాయి సర్. బోర్డును నాలుగు కాళ్ల బల్ల మీద పెడతాం. బల్ల కొలిచి చూశాం, కుర్చీ కిందికి పోతోంది. స్ట్రైకర్ చేతికి అందని మూల గురించి ఇంకా ఏమీ తోచలేదు."

న్యాక్ బృందం వచ్చే ఏడాది ఆయన బుర్రలో ఉంటుందని ప్రతి విద్యార్థికీ తెలుసు. సంస్థ విలువలు, దివ్యాంగులకు సౌకర్యాలు చూసే ప్రమాణం కింద చూపించుకోవడానికి ఏం దొరుకుతుందా అని ప్రిన్సిపాళ్లు వెతుకుతూనే ఉంటారు. ఆమె ఆ మాట ఎత్తనే లేదు. ఎత్తి ఉంటే ఇదంతా అందుకేనన్న అనుమానం వచ్చి ఫైలు పక్కన పడేది. ఆ అవకాశాన్నీ చేజార్చుకుంది.

ఆయన పెన్ను తీశారు. స్టోర్ రూమ్ తాళం ఇవ్వమని రాసి, "నగదు లేదు, ఫోన్లు లేవు, గంట కొట్టగానే లేవాలి" అని కింద మూడు షరతులు చేర్చి సంతకం పెట్టారు. తర్వాత పలక తనవైపు లాక్కుని ఒక గులకరాయిని గుంటలోంచి గుంటలోకి కదిపి చూశారు. చిన్నప్పుడు అరుగు మీద గీసుకుని ఆడేవాళ్లమన్నారు.

క్లబ్ మొదలయ్యాక వచ్చిన చిక్కు ఎవరూ ఊహించనిది. ప్రిన్సిపాల్‌గారు రోజూ లంచ్‌లో వచ్చి పులులవైపే కూర్చుంటున్నారు. గంట కొట్టినా లేవడం లేదు. ఆయన్ని లేపాల్సింది ఎవరో మూడు షరతుల్లో ఎక్కడా రాసి లేదు.