ధన్యవాదాలకు నూట ఎనభై ఏడున్నర పదాలు

భవానీపురంలో కాపురముండే ఆచార్యుల వారొకరు 2024 వరద మీద 32 స్లయిడ్లు తయారుచేసుకుని, సదస్సులో పావుగంట మాట్లాడి, శాలువా కప్పించుకుని వచ్చారు. ఆ ప్రసంగాన్ని సంకలనంలో 6,000 పదాల అధ్యాయంగా వేస్తామని కబురొచ్చింది. ముందు ఏ భాగం ఎందుకో, ఎంత నిడివో రాసి పంపమన్నారు. ఆయన 6,000ని 32తో భాగించారు. స్లయిడుకి నూట ఎనభై ఏడున్నర పదాలు వచ్చాయి. ఆ లెక్కన శీర్షికకీ అంతే, చివరి ‘ధన్యవాదాలు’కీ అంతే. సామాజిక న్యాయమంటే ఇదేనేమో.

భాగాల లక్ష్యాలు కూడా రాశారు. ‘వరద గురించి చర్చించుట’, ‘బుడమేరు గురించి వివరించుట’. ఈ ‘చర్చించుట’ను కాలవల మీదైనా రాయొచ్చు, కందిపప్పు మీదైనా రాయొచ్చు.

సంపాదకురాలు ఫోన్ చేసి, “ఏడో స్లయిడు ఏం చెబుతోంది సార్?” అన్నారు.

అందులో ఎర్రటి అంకెల్లో 11.43 లక్షల క్యూసెక్కులు, దాని పక్కన నీళ్లలో మునిగిన సింగ్‌నగర్ ఫొటో, రెంటికీ మధ్య ఒక బాణం ఉన్నాయి. హాల్లో అంతా “అబ్బో” అన్న స్లయిడు అది. ఆ బాణాన్ని వాక్యంగా రాయమంటే ఆచార్యుల వారికి చెమటలు పట్టాయి. 11.43 లక్షలు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ప్రవాహం, అదీ సెప్టెంబర్ 2 నాటిది. సింగ్‌నగర్ ఒకటో తేదీకే మునిగింది. ముంచింది కృష్ణ కాదు, బుడమేరు. బాణానికి క్రియాపదం అక్కర్లేదు కాబట్టే సభలో అది చెల్లింది.

“అయితే మూడు వారాలు స్లయిడ్లు మూసేయండి,” అందావిడ. “ఒక్కో స్లయిడుకి ఒక్కో పూర్తి వాక్యం చీటీ మీద రాయండి. వాక్యం రానిది పక్కన పెట్టండి. ఒకే మాట చెప్పేవన్నీ ఒక కట్ట కట్టండి.”

చీటీలు రాశాక 32లో 11 మిగిలాయి. బ్యారేజీ గేట్లను గుద్దుకున్న పడవల ఫొటో, చప్పట్లు మోగిన స్లయిడు, ఆ పదకొండులో లేదు. సింగ్‌నగర్ నీళ్లకీ ఆ పడవలకీ సంబంధమేమిటో ఒక్క వాక్యమూ దొరకలేదు మరి.

కట్టలు కడితే ఆరు భాగాలు తేలాయి. ప్రశ్న ఏమిటన్నదానికి 500 పదాలు. రెండు వరదలూ వేరని తేదీలతో చూపడానికి 1,300. నడుమ భాగం అసలు ముడి: వెలగలేరు రెగ్యులేటర్ నుంచి బ్యారేజీ ఎగువన కృష్ణలోకి నీరు మళ్లించే కాలువ ఆ రోజు ఎందుకు చేతులెత్తేసింది, గట్టుకు గండ్లు ఎందుకు పడ్డాయి. దానికి 1,800. సమాచారం ఎలా సేకరించారన్నదానికి 700. ‘అంతా ఆక్రమణల వల్లే’ అనేవారికి జవాబుగా 1,200. ముగింపుకి 500.

నిడివి అంటే స్లయిడు మీది అక్షరాల లెక్క కాదని ఇక్కడే తెలిసింది. వర్షపాతం పట్టికకు ఆయన సభలో రెండు నిమిషాలు పెట్టారు, అధ్యాయంలో అది రెండు వాక్యాల పని. మళ్లింపు కాలువ పటానికి పది సెకన్లే పెట్టారు. దాన్నే ఇప్పుడు 1,800 పదాలు మొయ్యాలి.

నడుమ భాగానికి లక్ష్యం కూడా మారింది: ‘ఇది చదివాక, కృష్ణ నిండుగా ఉన్నప్పుడు కాలువ నీరు నదిలో దిగడం ఎందుకు కష్టమో పాఠకుడు గంటల వారీగా పోల్చుకోగలగాలి.’ ఇలా రాసేసరికి లోటు బయటపడింది. వెలగలేరు దగ్గరా, కాలువ కృష్ణలో కలిసేచోటా ఏ గంటకు ఎంత నీటిమట్టం ఉందో ఆయన దగ్గర లేదు. ‘చర్చించుట’ అని ఉన్నంతకాలం ఈ లోటు ఎవరికీ కనిపించలేదు.

ఇంకో చిక్కు పదాల కొరత. నిమిషానికి వంద మాటల చొప్పున పావుగంట ప్రసంగం 1,500 పదాలకు మించదు. మిగతా 4,500 ఎక్కణ్ణుంచి తేవాలి? సభలో వెనక వరసలో లేచిన ఇంజనీరొకాయన, “కాలువకి ఆక్రమణలే లేకపోతే పట్టణం మునిగేది కాదంటారా?” అని అడిగితే, ఆచార్యుల వారు “మంచి ప్రశ్న” అని టీకి వెళ్లిపోయారు. ఐదో భాగం 1,200 పదాలూ ఆ టీ బాకీ. ఫొటోల సంగతీ తేలాలి. సగం వాట్సాప్‌లో వచ్చినవి, తీసినవారెవరో తెలియదు. సభలో చూపితే అడిగినవారు లేరు, అచ్చుకు అనుమతి కాగితం కావాలంటారు.

చివరి భాగం లక్ష్యం ‘ఇందులో ఏది రుజువైంది, ఏది కాలేదో విడదీయడం’ అని సంపాదకురాలే రాసి పంపారు. ఆచార్యుల వారు దాని కింద “ప్రభుత్వం తగు చర్యలు తీసుకోవాలి” అని రాసి, మిగతా 496 పదాలకు గడువు అడిగారు.